ఒక డబ్బాలోని వాంతి మాత్ర ఇంట్లో ముగ్గురికీ ఎందుకు సరిపడదు

*"మా అమ్మకు ఊపిరితిత్తుల క్యాన్సర్. సిస్‌ప్లాటిన్ కీమో మొదలైంది. మొదటి రెండు రోజులూ ఒక్క వాంతి కూడా కాలేదు. బాగానే ఉంది కదా అని ఇంటికిచ్చిన మాత్రలు ఆపేశాం. వాటిలో ఒలాంజపిన్ అనేది మానసిక రోగులకిచ్చే మందని తెలిసి దాన్ని అసలు వేయనేలేదు. మూడోరోజు నుంచి ఆగకుండా వాంతులు. ఆన్‌డాన్‌సెట్రాన్ 8 మి.గ్రా. మాత్ర రోజుకు నాలుగుసార్లు వేసినా తగ్గడం లేదు. అదే మాత్ర సగం చేసి, బస్సెక్కితే వాంతి చేసుకునే మా తొమ్మిదేళ్ళ పాపకు ఇచ్చాం, దానికీ పనిచేయలేదు. ఇప్పుడు తొమ్మిదో వారం గర్భంతో ఉన్న మా చెల్లెలు తనకూ ఒకటిమ్మంటోంది. వాంతి మాత్రలన్నీ ఒకటే కాదా?"*

కావు. వాంతి ఎవరికైనా ఒకే తీరున జరుగుతుంది గాని, వాంతి చేయమనే కబురు మెదడుకు చేరే దారులు వేరువేరు. ఒక్కో దారిలో ఒక్కో రసాయనం ఆ కబురును మోసుకొస్తుంది. ఆ రసాయనం వచ్చి అతుక్కునే చోటును రిసెప్టర్ అనీ, తెలుగులో గ్రాహకం అనీ అంటాము. వాంతి మందుల్లో చాలావరకు చేసే పని ఒకటే: ఏదో ఒక గ్రాహకంలో తాము ముందే చేరి కూర్చుని, అసలు రసాయనానికి చోటు దొరకకుండా చేయడం. కాబట్టి మందు ఎంత ఖరీదైనదో, ఎంత బలమైనదో చూసి లాభం లేదు. కబురు ఏ దారిన వస్తోందో ఆ దారిలో ఆ మందు కూర్చుందా లేదా అన్నదే చూడాలి. మీ ఇంట్లో ముగ్గురి వాంతులూ మూడు వేరువేరు దారుల్లో వస్తున్నాయి. మీరు ముగ్గురికీ కాపలా పెట్టాలనుకున్నది మాత్రం ఒకే దారిలో.

ఆ దారులను ఒకసారి చూద్దాం. మెదడు అడుగున, వెన్నుపాము మొదలయ్యేచోట మెడుల్లా అనే భాగం ఉంటుంది. వాంతి చేయించే నాడీకణాల సముదాయం అక్కడే ఉంది. దాని పక్కనే ఏరియా పోస్ట్రీమా అనే చిన్న ప్రాంతం ఉంటుంది. మెదడులో చాలాచోట్ల రక్తానికీ మెదడు కణాలకూ నడుమ ఒక గట్టి అడ్డుగోడ ఉంటుంది గాని ఇక్కడ అది లేదు. అందుకే రక్తంలోకి వచ్చిన విషాన్ని మెదడు ఇక్కడినుంచే రుచి చూడగలుగుతుంది. ఇక్కడ డోపమిన్ కోసం డీ2, సెరటోనిన్ కోసం 5-హెచ్‌టీ3, సబ్‌స్టెన్స్ పి అనే మరో రసాయనం కోసం ఎన్‌కే1 అనే గ్రాహకాలు ఉంటాయి. రెండో దారి పేగుది: పేగు గోడలోని కొన్ని కణాలు సెరటోనిన్ వదిలితే, వేగస్ అనే పొడవాటి నరం తన 5-హెచ్‌టీ3 గ్రాహకాలతో దానిని అందుకుని మెదడుకు చేరవేస్తుంది. మూడో దారి లోపలి చెవిది. అక్కడి సమతౌల్య వ్యవస్థ నుంచి వచ్చే కబురును హిస్టమిన్ హెచ్1 ద్వారా, ఎసిటైల్‌కోలిన్ మస్కరినిక్ గ్రాహకాల ద్వారా నడిపిస్తాయి. ఇవి గాక పై మెదడు నుంచి, అంటే జ్ఞాపకం, భయం, వాసన నుంచి దిగివచ్చే దారి ఒకటి ఉంది; దాని సంగతి అమ్మగారి రెండో విడత కీమో దగ్గర చెబుతాను.

ముందు అమ్మగారి విషయం, ఎందుకంటే ముగ్గురిలో తొందరగా చూడవలసింది ఆవిడనే.

వాంతులు కలిగించే కీమో మందుల్లో సిస్‌ప్లాటిన్ అన్నిటికన్నా పైవరుసలో ఉంటుంది. ముందుజాగ్రత్త మందులేవీ ఇవ్వకపోతే పదిమందిలో తొమ్మిదిమందికి పైగా వాంతి చేసుకుంటారు. అది రెండు అలలుగా వస్తుందన్నది ఇంట్లోవాళ్ళకు ఎవరూ విడమరచి చెప్పరు, ఇబ్బందంతా అక్కడే మొదలవుతుంది. మొదటి అల మందు ఎక్కించిన కొన్ని గంటల్లో లేస్తుంది. పేగు గోడలోని కణాలు దెబ్బతిని తమలోని సెరటోనిన్‌ను ఒక్కసారిగా కుమ్మరించడం దీనికి ముఖ్యకారణం. ఈ అలను 5-హెచ్‌టీ3 గ్రాహకాలను మూసే మందులు, అంటే ఆన్‌డాన్‌సెట్రాన్, గ్రానిసెట్రాన్, పాలోనోసెట్రాన్ బాగా ఆపుతాయి. పేరు చివర 'సెట్రాన్' ఉంటే అది ఈ కుటుంబపు మందే అని గుర్తు. రెండో అల 24 గంటలు దాటాక మొదలై, 48 నుంచి 72 గంటల మధ్య తారస్థాయికి చేరి, ఒక్కోసారి వారం దాకా సాగుతుంది. ఈసారి కబురును మోసేది ప్రధానంగా సెరటోనిన్ కాదు, సబ్‌స్టెన్స్ పి. అది వెళ్ళి అతుక్కునేది మెదడులోని ఎన్‌కే1 గ్రాహకానికి. మీ అమ్మగారు మొదటి రెండు రోజులు హాయిగా ఉండి మూడోరోజున పడిపోవడంలో వింతేమీ లేదు. మొదటి అలకు వేసిన గట్టు నిలిచింది, రెండో అలకు వేసిన గట్టును మీరు తెలియక తీసేశారు.

సిస్‌ప్లాటిన్ తీసుకునేవారికి సాధారణంగా రాసే చీటీ ఎలా ఉంటుందో చెబుతాను. మీ చేతిలో ఉన్నదానితో పోల్చి చూసుకోండి. కీమో రోజున, మందు ఎక్కించడానికి సుమారు గంట ముందు అప్రెపిటాంట్ 125 మి.గ్రా., దానితోపాటు సెట్రాన్ కుటుంబపు మందు ఒకటి, డెక్సామెథసోన్ 12 మి.గ్రా., ఒలాంజపిన్ 5 లేదా 10 మి.గ్రా. ఇస్తారు. రెండో రోజున, మూడో రోజున అప్రెపిటాంట్ 80 మి.గ్రా. చొప్పున ఉంటుంది. డెక్సామెథసోన్ 8 మి.గ్రా., ఒలాంజపిన్ నాలుగో రోజు దాకా కొనసాగుతాయి. అప్రెపిటాంట్‌కు బదులు ఫోసాప్రెపిటాంట్ అనే ఇంజెక్షన్ మొదటిరోజే ఇచ్చి ఉంటే ఇంటిదగ్గర ఆ మాత్రలు ఉండవు. మొత్తం నాలుగు మందులు, నాలుగు వేర్వేరు పనులు. ఎన్‌కే1 ను మూసేది అప్రెపిటాంట్. సెట్రాన్ 5-హెచ్‌టీ3 ను మూస్తుంది. డెక్సామెథసోన్ స్టెరాయిడ్, అది వాంతిని ఎలా ఆపుతుందో ఇప్పటికీ పూర్తిగా తేలలేదు గాని, మిగతా వాటికి తోడైతే రెండు అలల్లోనూ మేలు చేస్తుందని మాత్రం రూఢిగా తెలుసు.

ఇక మీరు పక్కన పెట్టేసిన ఒలాంజపిన్. అది స్కిజోఫ్రీనియా వంటి జబ్బులకు తయారైన మందన్న మాట నిజమే. అయితే అది ఒకే గ్రాహకంతో ఆగదు. డోపమిన్, హిస్టమిన్, మస్కరినిక్ గ్రాహకాలనూ, సెరటోనిన్‌కు చెందిన మరికొన్నిటినీ ఒక్కసారే మూస్తుంది. ఆ గుణమే వాంతుల్లో పనికొచ్చింది. మిగిలిన మూడు మందులకు ఒలాంజపిన్ చేర్చినవారిలో వికారం బాగా తగ్గిందని 2016లో ప్రచురితమైన పెద్ద అధ్యయనం చూపింది. 2020లో జపాన్ నుంచి వచ్చిన మరో అధ్యయనం 5 మి.గ్రా. మోతాదు కూడా పనిచేస్తుందని తేల్చింది. ఇక్కడొక తేడా గమనించాలి. సెట్రాన్‌లు వాంతిని ఆపినంత బాగా వికారాన్ని ఆపలేవు. మనిషి వాంతి చేసుకోకపోయినా రోజంతా కడుపులో తిప్పుతూ అన్నం ముట్టడు. ఆ తిప్పుడును తగ్గించడంలో ఒలాంజపిన్‌దే పైచేయి. ఇది నిద్ర తెప్పిస్తుంది కాబట్టి రాత్రిపూట వేస్తారు. పెద్దవయసువారికి మర్నాడు కూడా మత్తుగా ఉంటే మోతాదు తగ్గించుకోవచ్చు. నాలుగు రాత్రులు వాడినంత మాత్రాన ఎవరూ మానసిక రోగి అయిపోరు. మందుల చీటీలో ఏ మందు ఎందుకు రాశామో ఒక్క ముక్క చెబితే ఈ భయం ఉండేది కాదు. ఆ తప్పు మీది కాదు, మాది.

మూడోరోజు నుంచి మీరు పెంచుతూ పోయిన ఆన్‌డాన్‌సెట్రాన్ ఎందుకు పనిచేయలేదో ఈపాటికి అర్థమై ఉంటుంది. మీ చీటీలో మొదటిరోజు ఇంజెక్షన్ పాలోనోసెట్రాన్ అని ఉంటే సంగతి ఇంకా స్పష్టం. రక్తంలో దాని పరిమాణం సగానికి తగ్గడానికే దాదాపు 40 గంటలు పడుతుంది. అంటే మీరు ఆన్‌డాన్‌సెట్రాన్ వేసే సమయానికి ఆ గ్రాహకాల్లో చాలావాటిలో అదే కుటుంబపు మందు ఇంకా కూర్చునే ఉంది. కొత్తగా వచ్చినదానికి చేయడానికి పెద్దగా పని మిగల్లేదు. పని లేకపోయినా హాని మాత్రం మిగిలింది. ఈ మందు పేగుల కదలికను మందగింపజేస్తుంది. నాలుగైదు రోజులు విరేచనం కాకపోతే అదే మళ్ళీ వికారానికి కారణమవుతుంది, ఇంట్లోవాళ్ళు దాన్ని కీమో వికారమనుకుని ఇంకో మాత్ర వేస్తారు. అమ్మగారికి చివరిసారి విరేచనం ఎప్పుడైందో ఇప్పుడే అడిగి చూడండి. రెండో హాని గుండెది. ఆన్‌డాన్‌సెట్రాన్ ఈసీజీలో క్యూటీ అనే వ్యవధిని పొడిగిస్తుంది; మోతాదు పెరిగేకొద్దీ గుండె లయ తప్పే ప్రమాదం పెరుగుతుంది. 32 మి.గ్రా. ఒకేసారి నరంలోకి ఎక్కించే పద్ధతిని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2012లో మాన్పించింది ఇందుకే. మాత్రలుగా విడివిడిగా వేసుకోవడం అంత ప్రమాదం కాకపోయినా, సిస్‌ప్లాటిన్ మూత్రపిండాల ద్వారా మెగ్నీషియాన్ని పోగొడుతుంది, వాంతులు పొటాషియాన్ని పోగొడతాయి, ఆ రెండూ తగ్గిన శరీరంలో ఈ మందు ప్రభావం గుండెపై మరింత గట్టిగా పడుతుంది. కాబట్టి ఇంకో మాత్ర వేయకండి.

మరి ఇప్పుడేం చేయాలి? కీమో ఇచ్చిన చోటికి ఇవాళే ఫోన్ చేసి మూడు విషయాలు చెప్పండి: కీమో జరిగి ఎన్ని రోజులైంది, ఏ ఏ మాత్రలు ఏ రోజున ఆపారు, ఇప్పటిదాకా ఆన్‌డాన్‌సెట్రాన్ ఎంత వేశారు. మందులు వాడుతున్నా వాంతులు దాటివచ్చినప్పుడు పాటించే నియమం ఒక్కటే: ఉన్న మందునే పెంచకుండా, ఇంకా ముట్టని గ్రాహకం మీద పనిచేసే మందును చేర్చాలి. అమ్మగారి విషయంలో ఇంకా ముట్టనిది ఒలాంజపిన్ కనుక వైద్యులు బహుశా దానితోనే మొదలుపెడతారు. ఆపేసిన మిగతా మాత్రలను మీ అంతట మీరు ఒకేసారి కలిపి వేయకండి. ముఖ్యంగా డెక్సామెథసోన్ ఎంత, ఎన్నాళ్ళు అన్నది వారినే తేల్చనివ్వండి: అప్రెపిటాంట్ కాలేయంలో డెక్సామెథసోన్ విచ్ఛిన్నమవడాన్ని మందగింపజేస్తుంది కాబట్టే దాని మోతాదును మామూలు కంటే తగ్గించి రాస్తారు, రెండిటి లెక్కా ముడిపడి ఉంటుంది. మధుమేహం ఉంటే ఆ స్టెరాయిడ్ రోజుల్లో చక్కెర పెరుగుతుందనీ, సాయంత్రం వేస్తే రాత్రి నిద్ర పట్టదనీ గుర్తుంచుకోండి. అది పొద్దుటిపూట మాత్ర.

ఫోనుతో సరిపెట్టకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకువెళ్ళవలసిన గుర్తులు కొన్ని ఉన్నాయి. గుక్కెడు నీళ్ళు కూడా రోజంతా కడుపులో నిలవకపోతే, మూత్రం బాగా తగ్గిపోతే, మనిషి మగతగా ఉంటే, జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ దాటితే ఆగకండి. సిస్‌ప్లాటిన్ అసలే మూత్రపిండాలను దెబ్బతీసే మందు, ఒంట్లో నీరు తగ్గితే ఆ దెబ్బ రెట్టింపవుతుంది. పొట్ట ఉబ్బి గాలి కూడా పోకపోయినా, తలనొప్పితో పొద్దున్నే వాంతులవుతున్నా ఆ మాట విడిగా చెప్పండి. పేగు మూసుకుపోవడం, మెదడులోకి జబ్బు పాకడం, రక్తంలో కాల్షియం పెరగడం కూడా వాంతులుగానే కనబడతాయి, వాటికి ఈ మాత్రలేవీ జవాబు కావు.

ఈ తొందరలో ఎవరో ఒకరు మీకు మెటోక్లోప్రమైడ్ వేయమని సలహా ఇస్తారు, అది అందరికీ తెలిసిన పాత మందు. అది డీ2 గ్రాహకాన్ని మూస్తుంది, కడుపులోని పదార్థాన్ని కిందికి తోస్తుంది కూడా. ఒలాంజపిన్ మొదలుపెట్టాక దీనిని కలపకూడదు. రెండూ ఒకే డోపమిన్ గ్రాహకాన్ని మూసే మందులు కాబట్టి మేలు కంటే కీడు పెరుగుతుంది. ఆ కీడు ఎలా ఉంటుందో నేను శిక్షణలో ఉండగా ఒక రాత్రి చూశాను. మామూలు వాంతులకు రెండు మెటోక్లోప్రమైడ్ ఇంజెక్షన్లు పడిన పంతొమ్మిదేళ్ళ అమ్మాయిని ఫిట్స్ అని మోసుకొచ్చారు. మెడ ఒక పక్కకు తిరిగి బిగుసుకుపోయింది, దవడ పట్టేసింది, గుడ్లు పైకి తేలేసి కిందికి దిగడం లేదు. కానీ పిలిస్తే పలకడానికి ప్రయత్నిస్తోంది, కంటి చివర నీళ్ళు కారుతున్నాయి. స్పృహ పూర్తిగా ఉంది. ఫిట్స్‌లో అలా ఉండదు. మా సీనియర్ ప్రొమెథజీన్ ఇంజెక్షన్ ఇచ్చిన పావుగంటలో మెడ వదులైంది. కదలికలను నడిపే మెదడు భాగంలోనూ డోపమినే పనిచేస్తుంది కనుక, దాన్ని మూసే మందు అక్కడ కూడా అడ్డుపడితే ఇలా జరుగుతుంది. పిల్లల్లో, యువతులలో ఇది ఎక్కువ. ఐరోపా ఔషధ సంస్థ 2013లో ఈ మందును పెద్దలకు రోజుకు 30 మి.గ్రా. మించకుండా, అయిదు రోజులకు మించకుండా పరిమితం చేసింది. డోంపెరిడోన్ కూడా డీ2 మందే గాని అది మెదడు అడ్డుగోడను పెద్దగా దాటదు, ఏరియా పోస్ట్రీమాకు ఆ గోడ లేదు కాబట్టి అక్కడ మాత్రం పనిచేస్తుంది. అందుకే దానితో మెడ పట్టేయడం అరుదు, కానీ క్యూటీ సమస్య దానికీ ఉంది.

రెండో విడత కీమో గురించి ఒక మాట. మొదటి విడతలో బాగా వాంతులైనవారికి తర్వాతి సారి సూది గుచ్చకముందే, ఆసుపత్రి వాసన తగలగానే డోకు వస్తుంది. ఇది పై మెదడు దారి. ఇక్కడ సెరటోనిన్ గాని సబ్‌స్టెన్స్ పి గాని ఇంకా విడుదలే కాలేదు కాబట్టి సెట్రాన్‌లూ, అప్రెపిటాంట్ దీనిని ఆపలేవు. ముందురాత్రి, ఆ పొద్దున లోరాజెపామ్ వంటి ఆందోళన తగ్గించే మందు కొంత సాయపడుతుంది. కాబట్టి అమ్మగారికి ముందుగానే భయం పట్టుకుని ఉంటే ఆ మాట వైద్యులకు చెప్పండి. తర్వాతి విడతలో నాలుగు రోజుల మాత్రలను నాలుగు చిన్న కవర్లలో రోజువారీగా వేసి పైన తేదీ రాసి పెట్టుకోండి. వాంతి ఉన్నా లేకపోయినా ఆ రోజు కవరు ఆ రోజు ఖాళీ కావాలి. రెండో రోజు వాంతి లేకపోవడం ఆ మాత్రలు పనిచేస్తున్నాయనడానికి గుర్తు, అవి అక్కర్లేదనడానికి కాదు.

ఇక పాప. బస్సు మలుపులు తిరిగేటప్పుడు లోపలి చెవి ఊగుతున్నామని చెబుతుంది, ఫోనులోనో పుస్తకంలోనో ఉన్న కన్ను కదలడం లేదని చెబుతుంది. ఆ రెండు సాక్ష్యాలూ పొసగకపోవడమే ఈ వికారానికి మూలం. ఈ కబురు హెచ్1, మస్కరినిక్ గ్రాహకాల మీదుగా నడుస్తుంది, సెరటోనిన్ దారిని తాకదు. అందుకే క్యాన్సర్ వాంతులను ఆపగల మందు బస్సు వాంతిని ఆపలేదు. ఇక్కడ పనికొచ్చేవి డైమెన్‌హైడ్రినేట్, ప్రొమెథజీన్, మెక్లిజిన్ వంటి పాతకాలపు యాంటీహిస్టమిన్లు, అంటే నిద్ర తెప్పించేవి. తుమ్ములకు వాడే సెట్రిజిన్, ఫెక్సోఫెనడిన్ కూడా హెచ్1 ను మూసేవే కదా అని కొందరు తెలివిగా అడుగుతారు. మత్తు రాకుండా ఉండటానికని వాటిని మెదడులోకి పెద్దగా పోనివ్వని రీతిలో తయారు చేశారు. మెదడులోకి పోనిది ఈ వికారాన్ని ఆపలేదు. మత్తూ, ఫలితమూ ఇక్కడ ఒకే తలుపున లోపలికి వస్తాయి.

తొమ్మిదేళ్ళ పిల్లకు డైమెన్‌హైడ్రినేట్ 25 నుంచి 50 మి.గ్రా. దాకా, బయల్దేరడానికి అరగంట నుంచి గంట ముందు ఇస్తారు. ఆరు నుంచి పన్నెండేళ్ళ వయసుకు లెక్క ఇదే. తక్కువతో మొదలుపెట్టండి, అది కూడా మొదటిసారి ప్రయాణం లేని రోజున ఇంట్లో వేసి చూడండి, ఎందుకంటే కొందరు పిల్లలు వీటితో నిద్రపోవడానికి బదులు గంతులేస్తారు. వికారం మొదలయ్యాక వేసిన మాత్ర దాదాపు వృథా: అప్పటికి కడుపు తన పని ఆపేస్తుంది, మాత్ర అక్కడే ఉండిపోతుంది లేదా బయటికి వస్తుంది. చెవి వెనక అంటించే స్కోపొలమిన్ పట్టీ మస్కరినిక్ గ్రాహకం మీద పనిచేస్తుంది, మూడు రోజులుంటుంది, కానీ అది పెద్దలకే; గ్లకోమా ఉన్నవారూ, మూత్రం సరిగా రానివారూ వాడకూడదు. దాన్ని తాకిన వేలితో కన్ను నలుపుకుంటే కనుపాప పెద్దదై చూపు మసకబారుతుంది. ఆ స్కోపొలమిన్‌నే హయోసిన్ అని కూడా అంటారు కాబట్టి ఒక పొరపాటు తరచూ జరుగుతుంది: కడుపునొప్పికి వాడే హయోసిన్ బ్యూటైల్‌బ్రోమైడ్‌ను ప్రయాణపు మాత్ర అనుకుని వేసుకుంటారు. అది మెదడులోకి పోదు. పాపను ముందు సీటులో కిటికీ దగ్గర కూర్చోబెట్టి, దూరంగా రోడ్డు చివరకు చూడమనండి. చేతిలో ఫోను ఉంచకండి.

మీ చెల్లెలికి అమ్మగారి డబ్బాలోంచి ఏదీ ఇవ్వకండి. గర్భంలో మందును ఎంచే లెక్కే వేరు. వేవిళ్ళ వెనక ఉన్న అసలు దారి ఈమధ్యనే కొంత తెలిసింది. పిండం, మావి నుంచి వచ్చే జీడీఎఫ్15 అనే హార్మోను ఏరియా పోస్ట్రీమాలోని తన ప్రత్యేక గ్రాహకాన్ని తాకడం ఇందులో ముఖ్యమని 2023లో వెలువడిన పరిశోధన చూపింది. ఆ గ్రాహకాన్ని మూసి వేవిళ్ళను తగ్గించే మందు మాత్రం ఇంకా వాడకంలోకి రాలేదు. అందువల్ల ఇక్కడ గ్రాహకానికి సరిగ్గా అమరేది ఏది అని గాక, బిడ్డకు హాని లేదని ఎక్కువమంది గర్భిణుల్లో తేలింది ఏది అని చూస్తారు. ఆ జాగ్రత్త ఊరికే రాలేదు. 1957లో మార్కెట్లోకి వచ్చిన థాలిడోమైడ్‌ను వేవిళ్ళకు కూడా వాడారు. కాళ్ళూ చేతులూ సరిగా ఏర్పడని పిల్లలు వేలమంది పుట్టాక 1961లో దాన్ని ఆపారు.

మొదట ఇచ్చేది డాక్సిలమిన్, పైరిడాక్సిన్ కలిపిన మాత్ర. డాక్సిలమిన్ హెచ్1 ను మూసే యాంటీహిస్టమిన్, పైరిడాక్సిన్ అంటే బి6 విటమిన్. ఈ జోడీకి ఒక చరిత్ర ఉంది. అమెరికాలో 1956 నుంచి అమ్ముడైన ఈ మందును, అంగవైకల్యం తెస్తోందన్న వ్యాజ్యాలు తట్టుకోలేక 1983లో తయారీదారులే ఉపసంహరించుకున్నారు. అది పోయాక అక్కడ అంగవైకల్యాలు తగ్గలేదు, వేవిళ్ళతో ఆసుపత్రిలో చేరేవారి సంఖ్య మాత్రం పెరిగింది. 2013లో దాదాపు అదే మందు మళ్ళీ అనుమతి పొందింది. ఒక్కో మాత్రలో రెండూ 10 మి.గ్రా. చొప్పున ఉండే రకాన్ని రాత్రి పడుకునేముందు రెండు వేసుకోమంటారు. ఆలస్యంగా కరిగే మాత్ర కావడం వల్ల పొద్దుటి వేళకు పనిచేస్తుంది, కాబట్టి నమలకూడదు, విరవకూడదు. రెండు రోజుల్లో చాలకపోతే పొద్దున ఒకటి, తర్వాత మధ్యాహ్నం ఒకటి చేర్చి రోజుకు నాలుగు దాకా వెళ్ళవచ్చు. మగతగా ఉంటే బండి నడపవద్దనండి. దీనితో తగ్గకపోతే వైద్యులు ప్రొమెథజీన్‌నో, కొద్దిరోజులకు మెటోక్లోప్రమైడ్‌నో రాస్తారు. బిడ్డ విషయంలో వాటికి మంచి పేరే ఉంది.

ఆన్‌డాన్‌సెట్రాన్ గర్భంలో నిషిద్ధమని కాదు. 2018లో ప్రచురితమైన ఒక పెద్ద అధ్యయనంలో, మొదటి మూడు నెలల్లో దానిని వాడినవారి పిల్లల్లో గ్రహణమొర్రి, అంగిలి చీలిక పదివేల జననాలకు సుమారు మూడు అదనంగా కనిపించాయి. చాలా చిన్న తేడా. కానీ మీ చెల్లెలు ఉన్న తొమ్మిదో వారం అంగిలి కలిసే వారాల్లోదే. ఇతర మందులు విఫలమై, మనిషి నీరసించిపోతున్నప్పుడు వైద్యులు ఈ తేడాను వివరించి రాస్తే వేసుకోవచ్చు. ఇంకా ఏ మందూ ప్రయత్నించకుండా దీనితో మొదలుపెట్టవలసిన అవసరం లేదు. డెక్సామెథసోన్, ఒలాంజపిన్, అప్రెపిటాంట్ సంగతి అసలు తలపెట్టకండి.

ఆమె బరువు ఇప్పుడే చూసి రాసి ఉంచండి. గర్భానికి ముందున్న బరువులో నూటికి అయిదు వంతులు తగ్గినా, మూత్రం ముదురు రంగులో కొద్దిగా వస్తున్నా అది మామూలు వేవిళ్ళు దాటిపోయిందని గుర్తు, ఆసుపత్రిలో సెలైన్ పెట్టవలసి వస్తుంది. వారాల తరబడి ఏమీ తినని మనిషికి గ్లూకోజు నేరుగా ఎక్కిస్తే, ఒంట్లో మిగిలిన కాస్త బి1 విటమిన్ దాన్ని కరిగించడానికే ఖర్చయిపోయి మెదడు దెబ్బతినవచ్చు. అడుగు తడబడటం, చూపు రెండుగా కనిపించడం, తికమకపడటం దాని లక్షణాలు. ఎన్ని రోజులుగా తిండి నిలవడం లేదో చేర్చేటప్పుడే చెప్పి, గ్లూకోజుకు ముందు థయమిన్, అంటే ఆ బి1 విటమిన్, ఇచ్చారా అని ఒక్కసారి అడగండి.